ఏడేళ్లా, ఆరేళ్ల ఏడు నెలలా?

వేసవి సెలవులు రాకముందే బడుల్లో కొత్త అడ్మిషన్ల హడావుడి మొదలవుతుంది. ఆఫీసు గదిలో గుమస్తా ముందు ఎక్సెల్ షీటు తెరిచి ఉంటుంది. A కాలమ్‌లో పిల్లల పేర్లు, B కాలమ్‌లో పుట్టిన తేదీలు. C, D కాలమ్‌లు ఖాళీ. ఆ ఖాళీల్లో 2026 మార్చి 31 నాటికి ఏ పిల్లాడికి ఎన్నేళ్లు నిండాయి, ఆపైన ఎన్ని నెలలు అయ్యాయి అన్నది రాయాలి. ఒకరిద్దరైతే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండు వందల మంది ఉంటే ఫార్ములా తప్పదు. ఆ ఫార్ములా దగ్గరే చాలామంది తడబడతారు.

మొదటి వరుసలోని పిల్లాడు 2019 ఆగస్టు 15న పుట్టాడనుకుందాం. ఆ తేదీ B2 సెల్‌లో ఉంది. గడువు తేదీ 31-03-2026ని ఒక పక్కన E1 సెల్‌లో రాసుకున్నారు. ఎవరికైనా ముందు తట్టేది ఏడాదిలోంచి ఏడాది తీసేయడమే.

```
=YEAR(E1)-YEAR(B2)
```

2026లోంచి 2019 పోతే 7. కానీ ఆ పిల్లాడికి ఏడేళ్లు నిండేది ఆగస్టులో. మార్చి నాటికి ఆరే నిండాయి. ఇంట్లో అమ్మమ్మ "వాడికి ఏడో ఏడు నడుస్తోంది" అంటే అక్షరాలా నిజం. బడి రిజిస్టరు అడిగేది మాత్రం నడుస్తున్న ఏడు కాదు, నిండిన ఏళ్లు. ఈ ఫార్ములా నెలనూ తేదీనీ చూడనే చూడదు. అందుకే డిసెంబరు 31న పుట్టిన బిడ్డకు మర్నాడే ఏడాది నిండిందని చెప్పేస్తుంది.

ఇది పట్టుకున్నవాళ్లు రోజుల్లోకి దిగుతారు. ఎక్సెల్‌కి తేదీ అంటే ఒక అంకె మాత్రమే. 1900 జనవరి 1ని 1గా పెట్టుకుని, అక్కడి నుంచి రోజుకొకటి చొప్పున పెంచుకుంటూ వస్తుంది. 2019 ఆగస్టు 15 దాని లెక్కలో 43692. 2026 మార్చి 31 అంటే 46112. ఒకదాంట్లోంచి ఒకటి తీస్తే 2420 రోజులు. దాన్ని 365తో భాగిస్తే 6.63 వస్తుంది. ఇక్కడ కన్ను మోసపోతుంది. 6.6 చూడగానే ఆరేళ్ల ఆరు నెలలు అని రాసేసేవాళ్లు తక్కువేం కాదు. దశాంశం పక్కనున్నది నెలలు కావు, ఏడాదిలో భాగం. 0.63ని పన్నెండుతో హెచ్చిస్తే ఏడున్నర వస్తుంది. అంటే నిండినవి ఆరేళ్ల ఏడు నెలలు.

భాగహారంలో అంతకన్నా పెద్ద చిక్కు లీపు సంవత్సరాలతో వస్తుంది. 365తో భాగిస్తే ప్రతి ఫిబ్రవరి 29కీ ఒక రోజు చొప్పున వయసు ముందే నిండిపోతుంది. చిన్నపిల్లలకు తేడా ఒకటి రెండు రోజులే ఉండొచ్చు. అరవై ఏళ్ల ఉద్యోగికి అది రెండు వారాలు దాటుతుంది. సరే, 365.25తో భాగిద్దాం అంటారు. 2020 ఏప్రిల్ 1న పుట్టిన పాపను తీసుకోండి. 2026 ఏప్రిల్ 1, సరిగ్గా ఆరో పుట్టినరోజు నాటికి గడిచినవి 2191 రోజులు. మధ్యలో వచ్చిన ఫిబ్రవరి 29 ఒక్కటే, 2024లోది. 365.25ని ఆరుతో హెచ్చిస్తే 2191.5. అరరోజు చాలలేదు. కేకు కోస్తున్న రోజున షీటు మాత్రం పాపకు ఐదేళ్లే అంటుంది. మిగతా రోజులన్నీ సరిగ్గానే చెప్పి, అసలు అవసరమైన పుట్టినరోజునాడే తప్పుతుంది కాబట్టి ఈ పొరపాటు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు.

వీటన్నిటికీ మందు ఎక్సెల్‌లోనే ఉంది గానీ అది దాక్కుని ఉంటుంది. దాని పేరు DATEDIF. మామూలుగా సెల్‌లో = పెట్టి రెండక్షరాలు కొట్టగానే కింద ఫార్ములాల జాబితా రాలుతుంది కదా, అందులో ఈ పేరు కనిపించదు. పూర్తిగా మనమే టైపు చేయాలి. బ్రాకెట్టు తెరిచినా లోపల ఏం రాయాలో చూపించదు. లోటస్ 1-2-3 అనే పాత ప్రోగ్రాములో తయారైన ఫైళ్లు పనిచేయడం కోసం దీన్ని ఉంచామని, కొన్ని సందర్భాల్లో తప్పు ఫలితం రావచ్చని మైక్రోసాఫ్టే చెబుతుంది. ఆ తప్పు ఎక్కడ వస్తుందో తర్వాత చూద్దాం. ఏళ్లు, నెలల వరకు దీన్ని నమ్మొచ్చు.

```
C2:  =DATEDIF(B2,$E$1,"Y")
D2:  =DATEDIF(B2,$E$1,"YM")
```

ముందు పుట్టిన తేదీ, తర్వాత గడువు తేదీ, చివర ఏం కావాలో చెప్పే అక్షరం. "Y" అంటే నిండిన ఏళ్లు. "YM" అంటే ఆ ఏళ్లు పోగా మిగిలిన నిండు నెలలు. ఆగస్టు 15 పిల్లాడి విషయంలో ఇది చేసే పని మనం వేళ్ల మీద చేసేదే. 2025 ఆగస్టు 15కి ఆరేళ్లు నిండాయి. అక్కడి నుంచి నెలనెలా పదిహేనో తారీఖు దాటుకుంటూ వస్తే 2026 మార్చి 15కి ఏడు నెలలు. ఏప్రిల్ 15 ఇంకా రాలేదు. కాబట్టి C2లో 6, D2లో 7. మిగిలిన పదహారు రోజుల్ని అది వదిలేస్తుంది. నిండిన వయసు అంటే అదే కదా.

గడువు తేదీకి డాలర్ గుర్తులు ఎందుకంటే, ఫార్ములాను కిందికి లాగినప్పుడు B2 కాస్తా B3, B4 అవుతూ పోవాలి, E1 మాత్రం కదలకూడదు. డాలర్లు మరిచిపోతే మొదటి వరుస సరిగ్గా వచ్చి, రెండో వరుస నుంచి #NUM! అని పడుతుంది. E2 ఖాళీ సెల్ కాబట్టి దాన్ని సున్నాగా, అంటే 1900కి ముందురోజుగా తీసుకుంటుంది. గడువు తేదీ పుట్టిన తేదీ కన్నా ముందుకు పోయిందని మొరాయిస్తుంది. మొదటి వరుస బాగుండి కింద అంతా #NUM! వస్తే వెతకాల్సింది డాలర్ల కోసమే.

ఇంకొందరు E1 బదులు TODAY() రాస్తారు. అది ఈ రోజు తేదీని దానంతట అదే తీసుకుంటుంది. ఆసుపత్రి ఓపీ చీటీకి అది చక్కగా సరిపోతుంది. అడ్మిషన్ జాబితాకు పనికిరాదు. ఏప్రిల్‌లో ఆరేళ్లు నిండలేదని పక్కన పెట్టిన పిల్లాడు, జూన్‌లో అదే ఫైలు తెరిచేసరికి అర్హుడై కూర్చుంటాడు.

రెండు కాలమ్‌లు ఎందుకు, ఒకే సెల్‌లో "6 సం. 7 నె." అని రావాలనుకుంటే & గుర్తుతో అతికించుకోవచ్చు.

```
=C2&" సం. "&D2&" నె."
```

ప్రింటుకు ఇది ముచ్చటగా ఉంటుంది. కానీ వయసు ప్రకారం వరుసగా పేర్చాల్సి వస్తే C, D కాలమ్‌లనే వాడాలి. అతికించిన తర్వాత అది అంకె కాదు, రాత. రాతను పేర్చేటప్పుడు ఎక్సెల్ మొదటి అక్షరం చూస్తుంది కాబట్టి పదేళ్లవాడు ఆరేళ్లవాడి కన్నా ముందు వచ్చేస్తాడు. మరో చిన్న చికాకు. C కాలమ్‌కు ముందే తేదీ ఫార్మాట్ పెట్టి ఉంటే 6 అని రావాల్సిన చోట 06-01-1900 అని కనిపిస్తుంది. లెక్క తప్పలేదు, వేషం మారిందంతే. ఆ కాలమ్ ఫార్మాట్‌ను General చేస్తే 6 బయటపడుతుంది. ఫార్ములాను వాట్సాప్‌లోంచి కాపీ చేసుకునేవాళ్లు కొటేషన్ గుర్తుల్ని చూసుకోవాలి. వంపు తిరిగిన గుర్తులు వస్తే ఎక్సెల్ ఒప్పుకోదు. వాటిని చెరిపి కీబోర్డు మీద మళ్లీ కొట్టాలి.

ఫార్ములా ఎంత సరైనదైనా, B కాలమ్‌లో ఉన్నది నిజంగా తేదీయేనా అన్నది వేరే సంగతి. మన దగ్గర తేదీల్ని చుక్కలు పెట్టి 15.08.2019 అని రాయడం అలవాటు. చాలా కంప్యూటర్లలో ఎక్సెల్ దాన్ని తేదీగా గుర్తించదు, మామూలు రాతగా ఉంచేస్తుంది. ఫార్ములా దాని మీదికి వెళ్లగానే #VALUE! వస్తుంది. నిజమైన తేదీ సెల్‌లో కుడి అంచుకు చేరుతుంది, రాత ఎడమ అంచుకు చేరుతుంది. ఎవరైనా మధ్యకు సర్ది ఉంటే ఈ ఆనవాలు దొరకదు. అప్పుడు పక్క సెల్‌లో =ISNUMBER(B2) అని అడగాలి. TRUE అంటే తేదీ, FALSE అంటే రాత.

#VALUE! వస్తే నిజానికి అదృష్టమే, తప్పు ఉందని తెలుస్తుంది. అసలు ప్రమాదం ఏ కేకా పెట్టకుండా జరిగే తప్పుతో. కంప్యూటర్‌లో తేదీ పద్ధతి అమెరికాది ఉంటే అక్కడ నెల ముందు, రోజు తర్వాత. 2020 ఏప్రిల్ 3న పుట్టిన పాప తేదీని గుమస్తా మన పద్ధతిలో 03-04-2020 అని కొడతాడు. ఎక్సెల్ దాన్ని మార్చి 4గా తీసుకుంటుంది. మార్చి 31 నాటికి ఆ పాపకు నిజంగా నిండినవి ఐదేళ్ల పదకొండు నెలలు. షీటు మాత్రం ఆరేళ్ల సున్నా నెలలు అంటుంది. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్న నిబంధన ఉన్నచోట ఈ ఒక్క మలుపుతో రావాల్సిన సీటు పోవచ్చు, పోవాల్సిన సీటు రావచ్చు. 13 ఆపైన తేదీల్లో పుట్టినవాళ్ల విషయంలో ఈ గందరగోళం ఉండదు. పదమూడో నెల లేదు కాబట్టి ఎక్సెల్ వాటిని రాతగా వదిలేస్తుంది. అందుకే ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడికీ కొన్ని ఎడమకీ అతుక్కుని కనిపిస్తే, ఎడమకి ఉన్నవాటికన్నా కుడికి ఉన్నవాటినే ఎక్కువ అనుమానించాలి.

అనుమానం తీర్చుకోవడానికి తేలికైన దారి, B కాలమ్ ఫార్మాట్‌ను dd-mmm-yyyy చేయడం. అప్పుడు నెల అంకెగా కాకుండా Apr, Mar అని పేరుతో కనిపిస్తుంది. దాన్ని జనన ధ్రువపత్రంతో పోల్చి చూడాలి. రాతగా మిగిలిన తేదీల్ని మార్చాలంటే ఆ కాలమ్‌ను ఎంచుకుని Data మెనూలో Text to Columns నొక్కి, రెండుసార్లు Next కొట్టి, మూడో తెరలో Date పక్కన DMY ఎంచుకుని Finish కొడితే చాలు. చుక్కల తేదీలు కూడా దారికొస్తాయి. అయితే అప్పటికే తప్పు తేదీగా మారిపోయినవాటిని ఇది బాగుచేయలేదు. వాటిని మళ్లీ చూసి కొట్టుకోవాల్సిందే.

ఏడాదిని రెండంకెల్లో కొట్టే అలవాటూ ముంచుతుంది. 00 నుంచి 29 వరకు రాస్తే ఎక్సెల్ మామూలుగా 2000ల్లోకి, 30 నుంచి 99 వరకు రాస్తే 1900ల్లోకి తీసుకుంటుంది. పింఛను జాబితాలో 1928లో పుట్టిన ముసలాయన ఏడాదిని 28 అని కొడితే ఆయన 2028లో పుట్టబోతున్నట్టు లెక్క. #NUM! వస్తుంది. పుట్టిన తేదీ సెల్ అసలు ఖాళీగా ఉంటే ఎక్సెల్ 1900 నుంచి లెక్కపెట్టి 126 ఏళ్లు అని తేలుస్తుంది. ఒకటో తరగతి జాబితాలో 126 ఏళ్ల విద్యార్థి కనిపించాడంటే అతని జనన ధ్రువపత్రం ఇంకా రాలేదని అర్థం. ఫార్ములాను =IF(B2="","",DATEDIF(B2,$E$1,"Y")) అని రాసుకుంటే ఆ వృద్ధుడు మాయమై ఖాళీ సెల్ మిగులుతుంది.

ఇప్పుడు ఎక్సెల్ తీర్చలేని ప్రశ్న ఒకటుంది. 2020 ఏప్రిల్ 1న పుట్టిన పాప దగ్గరికే మళ్లీ వెళ్దాం. 2026 మార్చి 31 నాటికి ఆమెకు ఎన్నేళ్లు? DATEDIF ఐదేళ్ల పదకొండు నెలలు అంటుంది. కేంద్రీయ విద్యాలయాల ప్రవేశ మార్గదర్శకాలు ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్లు ఉండాలంటూనే, ఏప్రిల్ 1న పుట్టిన పిల్లల్నీ పరిగణించాలని పక్కనే రాస్తాయి. అదేదో దయాదాక్షిణ్యం అనుకుంటే పొరపాటు. పుట్టిన రోజును కూడా పూర్తి రోజుగా లెక్కపెడితే, ఏప్రిల్ 1న మొదలైన ఆరేళ్లు మార్చి 31 అర్ధరాత్రితో పూర్తవుతాయి. ఏప్రిల్ 1 ఏడో ఏటి మొదటి రోజు.

మన చట్టం కూడా చాలాచోట్ల ఇలాగే లెక్కపెడుతుంది. 1875 నాటి ఇండియన్ మెజారిటీ చట్టం వయసు లెక్కలో పుట్టిన రోజును పూర్తి రోజుగా కలుపుకోవాలని చెబుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి నెల చివరి రోజున రిటైరవుతాడు, కానీ ఒకటో తారీఖున పుట్టినవాడు ముందు నెల చివరి రోజునే ఇంటికి వెళ్తాడు. ఒకటో తారీఖు పుట్టినరోజువాళ్లు నెల జీతం పోయిందని వాపోయేది దీనివల్లే.

ఈ ఒక్క రోజు మీద 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఉంది. రాజస్థాన్‌లో ఉద్యోగ పరీక్ష రాసిన ఒక అభ్యర్థి 1956 జనవరి 2న పుట్టాడు. 1984 జనవరి 1 నాటికి 28 ఏళ్లు నిండి ఉండకూడదన్నది నిబంధన. పుట్టినరోజు మర్నాడే కదా, ఇంకా నిండలేదన్నది అతని వాదన. జనవరి 1 అర్ధరాత్రితో 28 నిండిపోయాయి, కాబట్టి అర్హత లేదని కోర్టు తేల్చింది. ఈ రెండు తేదీల్నీ DATEDIFకి ఇస్తే 27 ఏళ్ల 11 నెలలు అంటుంది. కోర్టు లెక్క రావాలంటే గడువు తేదీకి ఒకటి కలపాలి.

```
=DATEDIF(B2,$E$1+1,"Y")
```

అప్పుడు 28 వస్తుంది. ఏప్రిల్ 1 పాపకు కూడా దీంతో ఆరు వస్తుంది.

అయితే ఎక్కడ పడితే అక్కడ ఒకటి కలిపేయమని కాదు. యూపీఎస్సీ 2024 సివిల్స్ నోటిఫికేషన్ చూడండి. 2024 ఆగస్టు 1 నాటికి 21 నిండి, 32 నిండకుండా ఉండాలంది. అక్కడితో ఆగకుండా, 1992 ఆగస్టు 2కి ముందు గానీ 2003 ఆగస్టు 1 తర్వాత గానీ పుట్టి ఉండకూడదని తేదీలతో సహా రాసింది. 1992 ఆగస్టు 2న పుట్టినవాడికి కోర్టు లెక్కన ముందురోజే, అంటే ఆగస్టు 1తోనే 32 నిండాలి. నోటిఫికేషన్ అతన్ని రానిచ్చింది. అంటే ఇక్కడ ఒకటి కలపని మామూలు DATEDIF లెక్కే నడిచింది. ఒకే దేశంలో రెండు సంస్థలు ఒక రోజు తేడాతో వయసు లెక్కపెడుతున్నాయి. రెండింటిలో ఏది సరైనదని ఎక్సెల్‌ను అడిగి లాభం లేదు, నోటిఫికేషన్‌నే చదవాలి. అందులో పుట్టిన తేదీల హద్దులు ఇచ్చి ఉంటే వయసు లెక్కే అక్కర్లేదు. నేరుగా తేదీని తేదీతో పోల్చేయవచ్చు.

```
=AND(B2>=DATE(1992,8,2),B2<=DATE(2003,8,1))
```

నెలల లెక్కలోనూ ఇలాంటి మెలిక ఒకటుంది, నెలాఖర్లో పుట్టినవాళ్లకు. 2019 ఆగస్టు 31న పుట్టిన పిల్లాడికి 2026 ఫిబ్రవరి 28 నాటికి ఆరేళ్ల ఐదు నెలలే అంటుంది DATEDIF. ఫిబ్రవరిలో 31 లేదు కాబట్టి ఆరో నెల నిండటానికి మార్చి 1 దాకా ఆగుతుంది. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లకు లీపు కాని ఏళ్లలో ఇలాగే మార్చి 1న ఏడాది నిండుతుంది. ఎక్సెల్‌లోనే ఉన్న EDATE అనే మరో ఫార్ములా మాత్రం నెలలు కలిపి ఫిబ్రవరి 28నే చూపిస్తుంది. ఒకే షీటులో రెండూ కలిపి వాడితే వరుసలు ఒకదానితో ఒకటి పొంతన కుదరవు. ఏదో ఒకదాన్నే పట్టుకోవాలి.

ఇక మైక్రోసాఫ్ట్ హెచ్చరించిన తప్పు. ఏళ్లు, నెలలతో ఆగకుండా మిగిలిన రోజులు కూడా కావాలని "MD" అని రాస్తేనే అది బయటపడుతుంది. 2023 జనవరి 31 నుంచి మార్చి 1 వరకు ఒక నెల, ఆపైన ఎన్ని రోజులని అడిగితే మైనస్ 2 అంటుంది. దరఖాస్తులో రోజులు కూడా నింపాల్సి వస్తే ఇది రాసుకోవాలి.

```
=$E$1-EDATE(B2,DATEDIF(B2,$E$1,"M"))
```

"M" మొత్తం నిండు నెలలు చెబుతుంది, EDATE అన్ని నెలలు ముందుకు జరుపుతుంది, అక్కడి నుంచి గడువు తేదీ దాకా ఉన్నవే మిగిలిన రోజులు. ఆగస్టు 15 పిల్లాడికి 79 నెలలు, 16 రోజులు వస్తాయి. జవాబు తేదీలా కనిపిస్తే ఈ సెల్‌కూ General పెట్టాలి.

గూగుల్ షీట్స్, లిబ్రెఆఫీస్ కాల్క్‌లలోనూ DATEDIF ఇదే పేరుతో పనిచేస్తుంది. ఏది వాడినా, జాబితా పైఅధికారికి పంపే ముందు మూడు ఉత్తుత్తి వరుసలు వేసి చూడండి: పుట్టినరోజు సరిగ్గా గడువు తేదీన పడే పిల్లాడు ఒకడు, ముందురోజు పడేవాడు ఒకడు, మర్నాడు పడేవాడు ఒకడు. ఆ మూడింటికీ వచ్చిన జవాబు నోటిఫికేషన్‌లోని మాటతో కలిస్తే మిగతా రెండు వందల వరుసల ఫార్ములా గురించి బెంగ అక్కర్లేదు. ఆ మూడు వరుసల్నీ పంపే ముందు తీసేయడం మరిచిపోకండి.